అమెరికా షేర్ల డాష్‌బోర్డ్: రిఫ్రెష్‌ను గడియారానికి వదలాలా, క్యాలెండర్‌కా, డేటాకా?

హైదరాబాద్‌లో అమెరికన్ కంపెనీలకు పనిచేసే చాలామందికి జీతంతో పాటు ఆర్‌ఎస్‌యూలు వస్తాయి. ఆ షేర్ల ధర రోజూ చూసుకోవడానికి ఒకరు గూగుల్ షీట్ పెట్టుకుంటారు, ఇంకొకరు పైథాన్ స్క్రిప్ట్ రాసుకుంటారు. మొదటి నెల అంతా బాగానే నడుస్తుంది. ఆ తర్వాత థాంక్స్‌గివింగ్ వారం వస్తుంది, లేదా అక్కడ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. డాష్‌బోర్డ్‌లో ఒక వరుస రెండుసార్లు కనిపిస్తుంది, ఇంకో వరుస అసలు ఉండదు. స్క్రీన్ మీద ఎర్రర్ ఏమీ రాదు కాబట్టి ఎవరూ గమనించరు.

డాష్‌బోర్డ్‌లోకి కొత్త ధరలు తెచ్చుకునే రిఫ్రెష్‌కి ఉన్న నాలుగు దారుల పోలిక ఇది. ముందు ఒక ప్రశ్న తేల్చుకుంటే సగం పని అయిపోతుంది. మీకు కావలసింది మార్కెట్ నడుస్తుండగా కదిలే ధరా, రోజుకు ఒక్క క్లోజింగ్ ధరా?

పొద్దున ఏడు గంటలకు కాఫీ తాగుతూ నిన్నటి క్లోజింగ్ చూసుకునేవారికి, మార్కెట్ త్వరగా మూసే హాఫ్ డే సెషన్ పెద్ద విషయం కాదు. న్యూయార్క్‌లో మామూలు సెషన్ మధ్యాహ్నం 4 గంటలకు ముగుస్తుంది. మన టైమ్‌లో అది వేసవిలో రాత్రి 1:30, చలికాలంలో 2:30. ఆ తర్వాత జరిగే ఆఫ్టర్ అవర్స్ ట్రేడింగ్ కూడా చలికాలంలో మనకు తెల్లవారుజామున 6:30కల్లా అయిపోతుంది. హాఫ్ డే రోజు మార్కెట్ ఒంటిగంటకే మూస్తుంది కాబట్టి అన్నీ ఇంకా ముందే సర్దుకుంటాయి. పొద్దున చూసేవారికి తెలియాల్సింది ఒక్కటే: నిన్న అక్కడ ట్రేడింగ్ జరిగిందా లేదా. క్లోజింగ్ సమయం తెలియాల్సింది మూడు రకాల వాళ్లకి. సెషన్ నడుస్తుండగా ధరలు లాగేవారు, క్లోజింగ్ అయిన వెంటనే మెయిల్ పంపించుకునేవారు, "పదిహేను నిమిషాలుగా కొత్త ధర రాలేదు" లాంటి అలారం పెట్టుకున్నవారు. మీరు ఈ మూడింటిలో లేకపోతే సగం క్లిష్టత మీకు అక్కర్లేదు, మొహమాటం లేకుండా వదిలేయండి.

ఇక దారులు. మొదటిది అందరూ పట్టేది: సోమవారం నుంచి శుక్రవారం దాకా, ఫలానా టైమ్‌కి స్క్రిప్ట్ నడవాలని క్రాన్‌లో ఒక లైన్ రాయడం.

```
45 2 * * 1-5  /home/me/prices/refresh.sh
```

చలికాలంలో క్లోజింగ్ 2:30కి, కాబట్టి పావుగంట ఆగి 2:45కి. చూడ్డానికి సబబుగానే ఉంది. దీన్ని 2024 నవంబర్ చివరి వారం మీద నడిపి చూద్దాం. స్క్రిప్ట్ చివరి ధర తెచ్చి, దాని పక్కన ఆ రోజు తేదీ వేస్తుందనుకుందాం. చాలా స్క్రిప్ట్‌లు చేసేది అదే.

సోమవారం 25వ తేదీ తెల్లవారుజామున 2:45కి న్యూయార్క్‌లో ఇంకా ఆదివారం మధ్యాహ్నమే. వచ్చేది శుక్రవారం ధర, దాని మీద పడేది సోమవారం తేదీ. మంగళవారం వచ్చేది సోమవారం క్లోజింగ్, మీద మంగళవారం తేదీ. వారం అంతా ఇలా ఒక రోజు జరిగి ఉంటుంది. గురువారం 28న స్క్రిప్ట్ నడిచేసరికి అక్కడ బుధవారం సెషన్ ముగిసింది. శుక్రవారం 29 తెల్లవారుజామున నడిచేసరికి అక్కడ గురువారం, థాంక్స్‌గివింగ్ సెలవు. మళ్లీ బుధవారం ధరే వస్తుంది, ఈసారి 29వ తేదీ ముద్రతో. ఆ శుక్రవారం హాఫ్ డే. మన టైమ్‌లో రాత్రి 8కి మొదలై 11:30కి మూసేశారు. ఆ క్లోజింగ్‌ను పట్టుకోవాల్సింది శనివారం తెల్లవారుజామున. కానీ మన లైన్‌లో `1-5` అని ఉంది, శనివారం స్క్రిప్ట్ నడవదు.

చివరికి డాష్‌బోర్డ్‌లో 29వ తేదీ ఎదురుగా 27వ తేదీ ధర ఉంటుంది. అసలు 29వ తేదీ ధర సోమవారం డిసెంబర్ 2 అనే ముద్రతో వస్తుంది. లైన్‌ను `2-6`గా మారిస్తే శనివారం గండం తప్పుతుంది, కానీ సెలవు రోజు పాత ధర మళ్లీ వచ్చిపడటం తప్పదు. మార్చిలో అక్కడ గడియారాలు ముందుకు జరిగితే క్లోజింగ్‌కి, మీ రిఫ్రెష్‌కి మధ్య గంట తేడా పెరుగుతుంది. ఆ తేడా ప్రమాదం కాదు. 1:45కి పెట్టుకుని నవంబర్‌లో మార్చడం మర్చిపోతేనే ప్రమాదం, అప్పుడు మీరు తెచ్చుకునేది సెషన్ మధ్యలో ఉన్న ధర.

హాఫ్ డే నాడు ఇంకో చిక్కు ఉంది. ఒంటిగంటకు క్లోజింగ్ అయ్యాక ఆఫ్టర్ అవర్స్ సాయంత్రం 5 దాకా నడుస్తుంది, అంటే మనకు తెల్లవారుజామున 3:30 దాకా. శనివారం 2:45కి స్క్రిప్ట్ నడిచినా, మీ డేటా సోర్స్ "చివరి ధర" ఇచ్చేదైతే క్లోజింగ్ బదులు మూడు గంటల తర్వాత ఎవరో కొద్దిపాటి షేర్లు అమ్మిన ధర వచ్చే అవకాశం ఉంది. తేడా కొన్ని సెంట్లే ఉండొచ్చు, అందుకే కనిపెట్టడం కష్టం.

గడియారాన్ని నమ్మే ఈ పద్ధతిని నేను ఎవరికీ సలహా ఇవ్వను. తక్కువ పనితో ఇంతకంటే మంచిది దొరుకుతుంది.

రెండో దారి, సెలవుల పట్టిక మీరే పెట్టుకోవడం. భయపడేంత పని కాదు. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ తన సెలవుల్ని, త్వరగా మూసే రోజుల్ని ముందు సంవత్సరాలకు కూడా కలిపి ప్రకటిస్తుంది. మామూలుగా ఏడాదికి పది సెలవులు, ఒకటి నుంచి మూడు దాకా హాఫ్ డేలు. గూగుల్ షీట్ వాడేవారికి నా ఓటు దీనికే. రెండు చిన్న పనులు చేయాలి. షీట్ సెట్టింగ్స్‌లో టైమ్ జోన్‌ను న్యూయార్క్‌కి మార్చండి, అప్పుడు `TODAY()` అక్కడి తేదీ ఇస్తుంది. తర్వాత `Holidays` అనే ట్యాబ్‌లో సెలవుల తేదీలు రాసి, `B1`లో ఇది పెట్టండి.

```
=WORKDAY(TODAY(),-1,Holidays!A2:A40)
```

ఇది శని ఆదివారాలు, సెలవులు దాటుకుని కిందటి ట్రేడింగ్ రోజు తేదీ ఇస్తుంది. మన పొద్దున ఏడుకి అక్కడ ఇంకా నిన్నటి సాయంత్రమే కాబట్టి, అప్పుడే ముగిసిన సెషన్ కావాలంటే `TODAY()` బదులు `INT(NOW()+7/24)` రాయాలి, అక్కడ సాయంత్రం 5 దాటాక ఇది మర్నాటి తేదీ ఇస్తుంది. ఆ తేదీతో ధర అడగాలి.

```
=INDEX(GOOGLEFINANCE("NASDAQ:NVDA","close",B1),2,2)
```

సెలవు తేదీ ఇస్తే ఈ ఫార్ములా `#N/A` చూపిస్తుంది. చాలామంది దాన్ని `IFERROR` వేసి దాచేస్తారు. దాచకండి. పట్టికలో ఏదో సెలవు రాయడం మర్చిపోయారని అది చెప్తోంది. కాకపోతే కొత్త క్లోజింగ్ గూగుల్ చరిత్ర డేటాలోకి ఎక్కడానికి కొంత సమయం పట్టొచ్చు. పొద్దున `#N/A` ఉండి మధ్యాహ్నానికి ధర వచ్చేస్తే తప్పు మీ పట్టికది కాదు. ఇంకో పరిమితి కూడా తెలిసి ఉండాలి. ఈ ఫంక్షన్ తెచ్చిన పాత ధరలు షీట్‌లో కనిపిస్తాయి గానీ యాప్స్ స్క్రిప్ట్ ద్వారా గానీ షీట్స్ ఏపీఐ ద్వారా గానీ బయటికి తీసుకోనివ్వరు. అక్కడినుంచి ఆటోమేటిక్‌గా ఇంకో చోటికి పంపాలనుకునేవారు ఈ దారిలోకి రావద్దు.

హాఫ్ డేలను మాత్రం నియమంగా గుర్తుపెట్టుకుని రాయొద్దు, తేదీలుగా రాయండి. "జులై 3 హాఫ్ డే" అని కోడ్ రాసుకున్నవారికి 2024, 2025 సరిపోయాయి. 2026లో జులై 4 శనివారం వస్తుంది కాబట్టి 3వ తేదీ శుక్రవారం మొత్తం సెలవు. అలాగే 2023లో డిసెంబర్ 24 ఆదివారం పడింది, ఆ ఏడు క్రిస్మస్ హాఫ్ డేనే లేదు. థాంక్స్‌గివింగ్ మర్నాటి శుక్రవారం ఒక్కటే ఏటా నమ్మకంగా వస్తుంది. ఇంకో సంగతి, బ్యాంకుల సెలవులూ మార్కెట్ సెలవులూ ఒకటి కావు. నవంబర్ 11 వెటరన్స్ డేకి ఫెడరల్ ఆఫీసులు మూస్తారు, షేర్ మార్కెట్ మాత్రం నడుస్తుంది.

మూడో దారి, ఎవరో ఓపిగ్గా రాసి పెట్టిన క్యాలెండర్ లైబ్రరీ వాడుకోవడం. పైథాన్‌లో `exchange_calendars`, `pandas_market_calendars` అని రెండు బాగా వాడుకలో ఉన్నాయి. ఇందాకటి వారాన్నే మొదటిదాన్ని అడిగితే ఇలా ఉంటుంది.

```python
import exchange_calendars as xcals
cal = xcals.get_calendar("XNYS")
cal.is_session("2024-11-28")     # False
cal.session_close("2024-11-29")  # 18:00 UTC
cal.session_close("2024-12-02")  # 21:00 UTC
```

సెలవు, హాఫ్ డే, వేసవి టైమ్ మార్పు మూడూ దాని లెక్కలోనే ఉన్నాయి. అన్నిటినీ యూటీసీలో ఇస్తుంది కాబట్టి మీ కంప్యూటర్ హైదరాబాద్‌లో ఉన్నా డాలస్‌లో ఉన్నా జవాబు మారదు. అయితే లైబ్రరీ కూడా ఒక పాత పట్టికే, ఇన్‌స్టాల్ చేసిన రోజు దగ్గరే ఆగిపోయి ఉంటుంది. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 2024 డిసెంబర్ 29న చనిపోయారు. 2025 జనవరి 9న సంతాపదినంగా మార్కెట్లు మూస్తామని ఎక్స్ఛేంజీలు ఆ మర్నాడే చెప్పాయి. డిసెంబర్ మొదట్లో లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ముట్టుకోనివారి డాష్‌బోర్డ్‌కి జనవరి 9 మామూలు గురువారమే. అందుకని లైబ్రరీతో పాటు ఒక చిన్న ఫైల్ కూడా ఉంచుకోవాలి. అందులో లైబ్రరీకి తెలియని సెలవు తేదీలు మీరు చేత్తో రాస్తారు, స్క్రిప్ట్ ముందు దాన్ని చూసి తర్వాత లైబ్రరీని అడుగుతుంది. ఏడాదిలో ఒక వరుస కూడా రాయాల్సిన అవసరం పడకపోవచ్చు, కానీ పడిన రోజు కొత్త వెర్షన్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

క్యాలెండర్ చేతిలో ఉన్నాక స్క్రిప్ట్‌ను క్లోజింగ్ టైమ్‌కే నడిపించాలన్న తాపత్రయం కూడా పోతుంది. అరగంటకోసారి లేచి ఒకే ప్రశ్న వేసుకుంటే చాలు: ముగిసి ముప్పావుగంట దాటిన చివరి సెషన్ ఏది?

```python
import pandas as pd
now = pd.Timestamp.now(tz="UTC")
done = cal.closes[cal.closes + pd.Timedelta("45min") <= now]
session = done.index[-1]
```

ఆ `session` తేదీ మీ టేబుల్‌లో ఉంటే ఏమీ చేయక్కర్లేదు. లేకపోతే ఆ తేదీ ధర తెచ్చి, ఆ తేదీతోనే రాయాలి. ఈ రోజు తేదీ అన్న మాటే స్క్రిప్ట్‌లో ఉండకూడదు. లాప్‌టాప్ రెండు రోజులు ఆఫ్‌లో ఉన్నా, తెరిచాక `done`లో ఉండి టేబుల్‌లో లేని తేదీలన్నిటినీ ఒకదాని తర్వాత ఒకటి నింపుకోవచ్చు. 29వ తేదీ రాత్రి 12:15 దాటగానే ఆ హాఫ్ డే క్లోజింగ్ వచ్చేస్తుంది, దానికోసం కోడ్‌లో ప్రత్యేకంగా ఒక్క లైన్ కూడా రాయలేదు. నాకు ఈ పద్ధతి ఇష్టం కావడానికి కారణం ఇదే.

ముప్పావుగంట ఎందుకంటే, నాలుగు కొట్టగానే కనిపించే ధర అధికారిక క్లోజింగ్ కాదు. నాస్‌డాక్‌లో క్లోజింగ్ క్రాస్, న్యూయార్క్ ఎక్స్ఛేంజ్‌లో క్లోజింగ్ ఆక్షన్ జరిగి, కొన్న ఆర్డర్లూ అమ్మిన ఆర్డర్లూ ఒక ధర దగ్గర కలుస్తాయి. పేపర్లో వచ్చేదీ, బ్రోకర్ స్టేట్‌మెంట్‌లో ఉండేదీ ఆ ధర. ఉచిత డేటా సోర్స్‌లు పదిహేను ఇరవై నిమిషాలు ఆలస్యంగా కూడా ఇస్తాయి. పావుగంటే ఆగితే ఒక్కోసారి క్లోజింగ్ కంటే ముందరి ధర చేతికొస్తుంది.

క్లోజింగ్ ధరలోనే ఇంకో ఎంపిక ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అసలు ధర, స్ప్లిట్‌కి సర్దిన ధర, డివిడెండ్‌కి కూడా సర్దిన ధర అని మూడు రకాలు దొరుకుతాయి. ఎన్విడియా 2024 జూన్ 7న 1,208.88 డాలర్ల దగ్గర ముగిసింది. జూన్ 10 నుంచి స్ప్లిట్ వల్ల ఒక షేర్ పది షేర్లయింది. ఇప్పుడు యాహూ ఫైనాన్స్‌లో ఆ జూన్ 7 చూస్తే సుమారు 120.89 ఉంటుంది. ఆ రోజు మీ దగ్గర 12 షేర్లు ఉన్నాయనుకోండి. వాటి విలువ 14,506 డాలర్లు. సర్దిన ధరను 12తో గుణిస్తే 1,450 వస్తుంది. ఇప్పటి 120 షేర్లను అసలు ధరతో గుణిస్తే 1,45,065. షేర్ల సంఖ్య ఏ కాలానిదో ధర కూడా ఆ కాలానిదే అయ్యుండాలి.

చార్ట్ గీసుకోవడానికి, లాభశాతం చూసుకోవడానికి సర్దిన ధర మంచిది. విలువ కట్టడానికి అసలు ధరే కావాలి. ముఖ్యంగా భారత్‌లో ఉంటూ ఆదాయపు పన్ను రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపేవారికి. అందులో క్యాలెండర్ సంవత్సరంలోని గరిష్ఠ విలువ, డిసెంబర్ 31 నాటి విలువ అడుగుతారు. డివిడెండ్‌కి సర్దిన ధర వాడితే పాత తేదీల విలువ ఉన్నదానికంటే తక్కువగా వస్తుంది, కొత్త డివిడెండ్ పడిన ప్రతిసారీ మళ్లీ మారుతుంది కూడా. యాహూ ధరలు తెచ్చే పైథాన్ లైబ్రరీ `yfinance` వాడేవారు ఇప్పటి వెర్షన్లలో `auto_adjust` దానంతటదే `True` అయి ఉంటుందని గమనించండి. `auto_adjust=False` అని స్పష్టంగా రాస్తే `Close`, `Adj Close` రెండూ విడివిడిగా వస్తాయి. అప్పుడు కూడా `Close` స్ప్లిట్‌కి సర్దినదే. అందుకే ప్రతి సెషన్ ధరనూ వచ్చిన రోజే మీ టేబుల్‌లో రాసుకుని, తర్వాత దాన్ని మార్చకుండా ఉంచడం మేలు. స్ప్లిట్‌లను పక్కన వేరే పట్టికలో రాసుకోండి.

నాలుగో దారి, క్యాలెండర్ జోలికే పోకుండా డేటానే అడగడం. ఎక్స్ఛేంజ్ రోజూ విడుదల చేసే ధరల ఫైల్ ఈ రోజు వచ్చిందా? వస్తే ట్రేడింగ్ జరిగినట్టు, రాకపోతే సెలవు. అమెరికా షేర్లకు దీని అవసరం తక్కువ. డాష్‌బోర్డ్‌లో ఎన్‌ఎస్‌ఈ షేర్లు కూడా ఉంటే మాత్రం ఇదే సరైన దారి, ఎందుకంటే మన మార్కెట్ క్యాలెండర్ చివరి నిమిషంలో మారుతుంది. 2024 జనవరి 20 శనివారం పూర్తిస్థాయి ట్రేడింగ్ జరిగింది, 22 సోమవారం అయోధ్య ప్రాణప్రతిష్ఠ సందర్భంగా మూసేశారు. ఆ సంగతి తేలింది 19న. ఏ లైబ్రరీ అయినా ఒక్క రాత్రిలో అందుకోలేదు. 2024 మే 20 సోమవారం ముంబైలో లోక్‌సభ పోలింగ్ కాబట్టి సెలవు. మన దగ్గర పోలింగ్ 13న అయిపోయింది, ఆ రోజు మార్కెట్ నడిచింది. ఎన్‌ఎస్‌ఈ సెలవులు ముంబైని చూసి నడుస్తాయి, సంక్రాంతికి మన ఇంట్లో సెలవని డాష్‌బోర్డ్ కూడా ఆగాలనుకోకండి.

ఎన్‌ఎస్‌ఈ రోజూ ఇచ్చే భావ్‌కాపీ ఫైల్‌లో ప్రతి షేర్‌కీ చివరి ట్రేడ్ ధర, క్లోజింగ్ ధర వేరువేరు కాలమ్‌లలో ఉంటాయి. ఇక్కడి క్లోజింగ్ అంటే చాన్నాళ్లుగా చివరి అరగంట ట్రేడ్‌ల వెయిటెడ్ సగటు. 3:30కి స్క్రీన్ మీద కనిపించిన అంకెతో ఇది కలవకపోతే కంగారుపడక్కర్లేదు. ఆ సగటును మీరే లెక్కకట్టే కోడ్ రాయొద్దు. 2025 ఆగస్టులో సెబీ మన మార్కెట్‌కీ క్లోజింగ్ ఆక్షన్ ప్రతిపాదించింది. లెక్క మారినా ఫైల్‌లోని కాలమ్ తీసుకునేవారి ధర సరిగ్గానే ఉంటుంది.

ఫైల్ లేకపోతే సెలవు అనేసేముందు ఎంతసేపు ఆగాలన్నదే ఈ దారిలో అసలు చిక్కు. 2024 దీపావళి ముహూరత్ ట్రేడింగ్ నవంబర్ 1 సాయంత్రం 6 నుంచి 7 దాకా జరిగింది. 4:30కి ఫైల్ వెతికి, దొరక్క, "సెలవు" అని రాసేసే స్క్రిప్ట్ ఆ సెషన్‌ను పోగొట్టుకుంది. 2025లో అదే ముహూరత్ అక్టోబర్ 21 మధ్యాహ్నం 1:45 నుంచి 2:45 దాకా పెట్టారు. కాబట్టి ఫైల్ రాకపోతే "ఇంకా రాలేదు" అనే రాయాలి. సెలవు అన్న మాట తర్వాతి ట్రేడింగ్ రోజు ఫైల్ వచ్చాకే రాయాలి. శని ఆదివారాలు కూడా వెతకడం మానకూడదు.

ఎంచుకోవడం ఇలా చెప్తాను. షీట్ వాడుతూ పొద్దున ఒకసారి చూసేవారికి చేత్తో రాసిన సెలవుల పట్టిక చాలు, హాఫ్ డేలు రాయకపోయినా నష్టం లేదు. స్క్రిప్ట్ రాసేవారికి అమెరికా షేర్ల కోసం లైబ్రరీ, పక్కన చిన్న సవరణల ఫైల్. ఎన్‌ఎస్‌ఈ షేర్ల కోసం భావ్‌కాపీ. రెండు మార్కెట్లూ ఒకే డాష్‌బోర్డ్‌లో ఉంటే ఒకే క్యాలెండర్‌లో కలపొద్దు. ఒక్కో షేర్‌కీ దాని సెషన్ తేదీ పక్కనే చూపించండి. "మొత్తం విలువ" అని ఒక అంకె చూపించేటప్పుడు కూడా దాని కింద రెండు తేదీలూ ఉండాలి.

ఏ దారి పట్టినా నెలకోసారి ఒక పరీక్ష పెట్టుకోండి. టేబుల్‌లో ఆ నెల వరుసలు లెక్కపెట్టి, సెషన్‌ల సంఖ్యతో పోల్చండి. న్యూయార్క్‌లో 2024 నవంబర్‌కి 20 రావాలి, డిసెంబర్‌కి 21, 2025 జనవరికి మళ్లీ 20. జనవరికి 21 వచ్చిందంటే మీ స్క్రిప్ట్ 9వ తేదీన పాత ధరను మళ్లీ రాసిందన్నమాట. అప్పుడు వాల్యూమ్ కాలమ్ కూడా చూడండి. వరుసగా రెండు రోజులు వాల్యూమ్ చివరి అంకె దాకా ఒకటే ఉంటే అది కాపీ వరుస. వాల్యూమ్ బాగా తగ్గి ధర కదిలి ఉంటే అది నిజమైన హాఫ్ డే, దాన్ని తీసేయొద్దు.